చెల్లు చూడని తీర్పు

ప్రోనోటు ముందువైపు అప్పు ఉంటుంది, వెనుకవైపు చెల్లు ఉంటుంది. అప్పులు ఇచ్చి పుచ్చుకున్నవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. కొంత సొమ్ము ముట్టినప్పుడల్లా కాగితం తిప్పి, ఫలానా తేదీన ఇంత చెల్లు అని రాసి, బాకీదారు చేత కింద సంతకం పెట్టిస్తారు. ఆ రెండు వరుసల రాత కోర్టులో రెండు పనులు చేస్తుంది. బాకీ అంతమేరకు తీరిందనడానికి అదే రుజువు. అప్పు మీద దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు ఇంకా దాటకపోతే, చెల్లు పడిన తేదీ నుంచి ఆ మూడేళ్లూ మళ్లీ మొదలవుతాయి. అంటే చెల్లు బాకీదారుకు ఎంత అవసరమో అప్పిచ్చినవాడికీ అంతే అవసరం.

ఈ చెల్లు చుట్టూ ఒక కేసు ఊహించుకుందాం. ఒక రైతు 2014 జూన్ 10న 6 లక్షల రూపాయలు అప్పు తీసుకుని ప్రోనోటు రాశాడు. వడ్డీ నూటికి నెలకు రూపాయి. 2017 మే 4న 2 లక్షలు కట్టాడు, వెనుక చెల్లు పడింది, సంతకం పెట్టాడు. మిగతాది తీరలేదని అప్పిచ్చినాయన 2019 జనవరి 10న దావా వేశాడు. నెలకు 6 వేల చొప్పున 55 నెలలకు వడ్డీ 3 లక్షల 30 వేలు, అసలుతో కలిపి 9 లక్షల 30 వేలు ఇప్పించమన్నాడు. గడువులోనే దావా వేశానని చూపించడానికి చెల్లును తనే ఎగ్జిబిట్ ఏ-2గా మార్కు చేయించాడు. లెక్కలో మాత్రం ఆ 2 లక్షలు తగ్గించలేదు.

రైతు జవాబు దావాలో మూడు సంగతులు చెప్పుకున్నాడు. చెల్లు పడిన 2 లక్షలు మినహాయించాలి. 2018లో మరో లక్ష ఇస్తే వాది రసీదు రాసిచ్చాడు, అది ఎగ్జిబిట్ బి-1. ఇంకో 50 వేలు బ్యాంకు ద్వారా పంపాను, కానీ కాగితం దగ్గర లేదు.

2023 జులై 17న తీర్పు వచ్చింది. దావాకు కాలదోషం పట్టిందా అన్న ప్రశ్నకు జడ్జి గారు 11వ పేరాలో జవాబిచ్చారు: ఏ-2 చెల్లు 2017 మే నాటిది కాబట్టి దావా గడువులోనే ఉంది. రసీదు మీది సంతకాన్ని వాది ఒప్పుకున్న సంతకాలతో పోల్చి చూసి, నమ్మదగ్గదిగా లేదని 13వ పేరాలో తేల్చారు. 14వ పేరాలో, ఆ రసీదు పోగా ప్రతివాది ఒక్క రూపాయి కట్టినట్టు కూడా రికార్డులో ఏ ఆధారమూ లేదని రాసి, 9 లక్షల 30 వేలకు డిక్రీ ఇచ్చారు.

ఏ చెల్లు మీద దావా బతికిందో ఆ చెల్లే మూడు పేరాలు దాటేసరికి కనిపించకుండా పోయింది.

తీర్పు కాపీ పట్టుకుని వచ్చిన రైతు ప్లీడరును అడిగే మొదటి ప్రశ్న దాదాపు ప్రతి ఓడిన కక్షిదారూ అడిగేదే. "ఇదే జడ్జి గారికి మళ్లీ ఒకసారి చెప్పుకోలేమా సార్? పైకోర్టు దాకా ఎందుకు?" చెప్పుకోవచ్చు. దాని పేరే రివ్యూ. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 114వ సెక్షన్ ఆ అధికారాన్ని ఇస్తే, 47వ ఆర్డరు ఎప్పుడు, ఏ కారణాల మీద, ఎలా అన్నది చెబుతుంది. అయితే రైతుకున్న మూడు ఫిర్యాదుల్లో ఒక్కటే ఆ తలుపులోంచి లోపలికి పోగలదు. ఎందుకో తెలియాలంటే ముందు అప్పీలు చేసే పని తెలియాలి.

మొదటి అప్పీలు అంటే కేసును పైకోర్టు ముందు మొత్తంగా విప్పి పరచడం. కింది జడ్జి ఏ సాక్షిని నమ్మారు, ఎందుకు నమ్మారు, చట్టాన్ని సరిగ్గా అన్వయించారా లేదా అన్నదంతా జిల్లా జడ్జి మళ్లీ తూచవచ్చు. కింది కోర్టు రెండు విధాలుగా ఆలోచించడానికి వీలున్న చోట ఒక విధంగా ఆలోచించింది, రెండోదే సరైనది అని పైకోర్టు అనవచ్చు. అప్పీలు ఉన్నదే దానికోసం. ఇద్దరు మనుషులు ఒకే సాక్ష్యం చదివి వేరు వేరు నిర్ణయాలకు రావచ్చని చట్టానికి తెలుసు. అందుకే రెండో మనిషిని పైన కూర్చోబెట్టింది.

రివ్యూలో రెండో మనిషి ఉండరు. తీర్పు రాసిన జడ్జి గారే, ఆయన బదిలీ అయి ఉంటే ఆ స్థానంలోకి వచ్చినవారు, అదే కోర్టులో కూర్చుని వింటారు. అంటే కోర్టు తన తీర్పును తానే తెరిచి చూసుకోవాలి. తీర్పు చెప్పాక దాన్ని ముట్టుకోకూడదన్నది మామూలు సూత్రం. అలా కాకపోతే ఓడినవాడు వారం వారం వచ్చి కొత్త వాదన వినిపిస్తూనే ఉంటాడు, గెలిచినవాడి చేతికి డిక్రీ ఎప్పటికీ రాదు. ఆ సూత్రానికి చిన్న మినహాయింపు రివ్యూ. జడ్జి గారు చూసి తూచినదాన్ని మళ్లీ తూచమని అందులో అడగకూడదు. ఆయన కంటపడకుండా పోయినదాన్ని చూపించవచ్చు.

47వ ఆర్డరు దీనికి మూడు కారణాలు చెబుతుంది. రికార్డు ముఖం మీదే కనిపించే తప్పు మొదటిది. ఎంత శ్రద్ధగా వెతికినా తీర్పు నాటికి తెలియని, లేక తేలేకపోయిన కొత్త సాక్ష్యం రెండోది. మూడోది 'తగిన ఇతర కారణం'. ఈ మూడో మాట విశాలంగా వినిపిస్తుంది కానీ విశాలమైనది కాదు. 1922లోనే ప్రివీ కౌన్సిల్ దీనికి హద్దు గీసింది: మొదటి రెండింటిని పోలిన కారణం అయి ఉండాలి. మన సుప్రీంకోర్టు 1954లో అదే హద్దును ఒప్పుకుంది. కాబట్టి తీర్పు అన్యాయంగా ఉంది, జడ్జి గారు నా బాధ అర్థం చేసుకోలేదు అన్నవి ఎంత నిజమైనా తగిన కారణాలు కావు.

రివ్యూల్లో ఎక్కువ భాగం నడిచేదీ, ఎక్కువ భాగం ఓడిపోయేదీ మొదటి కారణం మీదే. 'ముఖం మీద కనిపించే తప్పు' అంటే ఏమిటో అందరూ ఉదహరించే తీర్పు మన కర్నూలు నుంచి వెళ్లిన కేసులోది. అక్కడి తుంగభద్ర ఇండస్ట్రీస్ వేరుశనగ నూనె తీసేది, అందులో కొంత హైడ్రోజనేట్ చేసి గడ్డకట్టించి అమ్మేది. వేరుశనగ కాయలు కొని నూనె తీసేవాళ్లకు కాయల కొనుగోలు సొమ్ములో మినహాయింపు ఇచ్చే నియమం అప్పటి అమ్మకపు పన్ను చట్టం కింద ఉండేది. గడ్డకట్టించిన తర్వాత కూడా అది వేరుశనగ నూనేనా, లేక వేరే సరుకా అన్నది తగవు. హైకోర్టు కంపెనీకి వ్యతిరేకంగా చెప్పింది. ఒక పన్ను ఏడాది విషయంలో ఇది సుప్రీంకోర్టు తేల్చాల్సిన ముఖ్యమైన న్యాయ ప్రశ్నేనని 1956లో అదే హైకోర్టు సర్టిఫికెట్ ఇచ్చింది. అవే వాస్తవాలు, అదే ప్రశ్న మరో ఏడాది విషయంలో వచ్చినప్పుడు, 1959 సెప్టెంబరులో, ఇందులో ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఏదీ లేదని సర్టిఫికెట్ నిరాకరించింది. కంపెనీ రివ్యూ వేసింది. హైకోర్టు కొట్టేసింది. 1963లో సుప్రీంకోర్టు రివ్యూ ఒప్పుకుని ఉండాల్సిందని చెప్పింది.

ఆ తీర్పు రాసిన జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ గారి తర్కం కొంచెం నిదానంగా చదవాలి. ముందు ఒకలా చెప్పి తర్వాత మరోలా చెప్పినంత మాత్రాన రెండోది తప్పని కాదు, మొదటిదే తప్పై ఉండవచ్చు అన్నారు ఆయన. రెండోది తప్పే అనుకున్నా, ప్రతి తప్పూ ముఖం మీద కనిపించే తప్పు కాదు. ఆ రెంటి మధ్య తేడాను ఒక్కోసారి మాటల్లో పెట్టలేకపోయినా తేడా మాత్రం నిజమైనదే. రివ్యూ అనేది వేషం మార్చుకున్న అప్పీలు కాకూడదు. పెద్దగా వాదించకుండా, తప్పు మీద వేలు పెట్టి ఇదిగో అని చూపించగలిగితే, దాని మీద బుద్ధిమంతులకు రెండు అభిప్రాయాలు ఉండే వీలు లేకపోతే, అప్పుడు అది రివ్యూకు పనికొచ్చే తప్పు. ఇది ఆయన కొలత సారాంశం. ఆ కేసులో న్యాయ ప్రశ్న ఉందన్నది అలా కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది కాబట్టి కంపెనీ గెలిచింది.

ఈ కొలతను మన రైతు కేసు మీద పెట్టి చూద్దాం. చెల్లు సంగతి చెప్పడానికి ఏ సాక్షినీ మళ్లీ పిలవనక్కర్లేదు, ఏ పాత తీర్పునూ చదవనక్కర్లేదు. 11వ పేరా మీద ఒక వేలు, 14వ పేరా మీద ఒక వేలు పెడితే చాలు. చెల్లు నిజమని వాదే ఒప్పుకున్నాడు, కోర్టూ ఒప్పుకుంది. దాన్ని లెక్కలో వేసుకోకపోవడం కోర్టు వేరేలా ఆలోచించడం వల్ల జరిగింది కాదు, ఆ చోట అసలు ఆలోచించకపోవడం వల్ల జరిగింది. ఇది రివ్యూలో నిలుస్తుంది.

రసీదు అలా కాదు. జడ్జి గారు సంతకాన్ని చూశారు, పోల్చారు, నమ్మలేదు. ఆ పోలిక సరిగ్గా లేదని చూపించాలంటే అక్షరం అక్షరం తీసి వాదించాలి, సాక్షి ఏం చెప్పాడో, క్రాస్‌లో ఎక్కడ తడబడ్డాడో మళ్లీ చదవాలి. ఆ వాదన గంటసేపు పడుతుందంటేనే ఆ తప్పు ముఖం మీద లేదని అర్థం. జడ్జి గారిది నిజంగా పొరపాటే కావచ్చు. నిపుణుడికి పంపితే సంతకం వాదిదేనని తేలవచ్చు కూడా. అయినా అది అప్పీలు విషయమే. కక్షిదారులకు మింగుడు పడనిది ఈ ముక్కే. తీర్పు తప్పని నిరూపించగలిగినా రివ్యూ పోతుందంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. కానీ పైన కూర్చున్న రెండో మనిషి ఉన్నది సరిగ్గా అలాంటి తప్పు కోసమే.

దీనికంటే చిన్న తప్పులు ఇంకొన్ని ఉంటాయి. జడ్జిమెంటులో 7 లక్షలని ఉండి డిక్రీలో 17 లక్షలని పడటం, సర్వే నంబరులో ఒక అంకె మారడం, కూడికలో పొరపాటు. వీటికి రివ్యూ కూడా అక్కర్లేదు. 152వ సెక్షన్ కింద ఎప్పుడైనా చిన్న పిటిషనుతో సరిచేయించుకోవచ్చు. రైతుకు కూడా ఇది చాలదా అని అనిపించవచ్చు. చాలదు. 9 లక్షల 30 వేలు అన్నది చేతి పొరపాటు కాదు, ఆధారమే లేదని జడ్జి గారు రాసుకుని ఇచ్చిన అంకె. ఆ నిర్ణయాన్ని మార్చాలంటే రివ్యూయో అప్పీలో కావాలి.

ఇక బ్యాంకు ద్వారా పంపిన 50 వేలు. తీర్పు వచ్చాక రైతు కొడుకు బ్యాంకుకు వెళ్లి 2018 నాటి స్టేట్‌మెంటు తెచ్చాడనుకుందాం. అందులో వాది ఖాతాకు వెళ్లిన 50 వేలు స్పష్టంగా ఉన్నాయి. కొత్త సాక్ష్యం దొరికిందని రివ్యూ వేయవచ్చా? వేస్తే పోతుంది. ఆ కాగితం తీర్పు తర్వాత పుట్టలేదు, తీర్పు తర్వాత రైతుకు తెలిసిందీ కాదు. డబ్బు పంపిన సంగతి ఆయనే జవాబు దావాలో రాసుకున్నాడు. విచారణ నడిచిన నాలుగేళ్లలో ఏ రోజు అడిగినా బ్యాంకు ఇచ్చేదే. తీరిక దొరకలేదు, ప్లీడరు అడగలేదు అన్నవి జవాబులు కావు. తగిన శ్రద్ధ పెట్టినా దొరకలేదని చూపించాలని చట్టం అడుగుతోంది, ఇప్పుడు దొరికిందని చెబితే సరిపోదు.

భూమి తగాదాల్లో ఈ కారణంతో వేసే రివ్యూలు ఎక్కువగా ఇక్కడే జారిపడతాయి. ఓడిన తర్వాత సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఈసీ తీస్తారు. ముప్పై ఏళ్ల కిందటి రిజిస్టర్డ్ దస్తావేజు ఒకటి బయటపడుతుంది. ఎంతో ఆశతో సర్టిఫైడ్ కాపీ తీసుకుని పరుగెత్తుకొస్తారు. అవతలి ప్లీడరు అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ ఈసీ దావా వేసే ముందు ఎందుకు తీయలేదు? రిజిస్టరు పుస్తకం అప్పుడూ అక్కడే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే దస్తావేజు ఎంత గట్టిదైనా రివ్యూలో పనికిరాదు.

మరి ఏది పనికొస్తుంది? రైతు కేసులోనే మరో సంగతి కలుపుదాం. అప్పు ఇప్పించిన మధ్యవర్తి దావా పడక ముందే చనిపోయాడు. తన చేతి మీదుగా ఇంకో 40 వేలు వాదికి ఇచ్చి, వాది చేత ఆయన ఒక రసీదు రాయించుకున్నాడు. ఆ రసీదు ఆయన దగ్గరే ఉండిపోయింది. దాని కోసం రైతు దావా నడుస్తుండగానే ఆ ఇంటికి వెళ్లి అడిగాడు, వాళ్లు వెతికి లేదన్నారు. ఆ సంగతి సాక్ష్యంలో చెప్పాడు కూడా. తీర్పు వచ్చిన రెండు వారాలకు పాత ఇల్లు పడగొడుతుంటే పెట్టె అడుగున అది దొరికింది. ఇప్పుడు మధ్యవర్తి కొడుకు అఫిడవిట్ ఇస్తాడు: ఎప్పుడు అడిగారు, ఎక్కడ వెతికాం, ఏ రోజు ఎలా దొరికింది. ఇది కోర్టు చెవిన పెట్టుకునే విషయం. అప్పుడు కూడా ఊరికే చెబితే ఒప్పుకోదు. ఈ కారణం మీద రివ్యూ ఇవ్వాలంటే గట్టి రుజువు ఉండాలని 47వ ఆర్డరు ప్రత్యేకంగా చెబుతుంది, ఎందుకంటే ఓడాక కాగితాలు పుట్టించడం ఎంత సులువో దాన్ని రాసినవాళ్లకు తెలుసు. పైగా ఆ కాగితం తీర్పును మార్చగలిగినంత ముఖ్యమైనది కావాలి. ఉన్న సాక్ష్యానికి ఇంకో సాక్ష్యం జోడించేది అయితే చాలదు.

ఇక్కడ చాలామందిని బాధపెట్టే మరో హద్దు ఉంది. మన కేసు ముగిశాక, వేరే ఎవరిదో కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని మనకు అనుకూలంగా చెప్పిందనుకోండి. అది రివ్యూకు కారణం కాదు. 1976 సవరణ ఈ మాటను 47వ ఆర్డరులో వివరణగా చేర్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ల వాటా విషయం తీసుకోండి. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణ కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి తండ్రి బతికి ఉంటేనే ఆ హక్కు అని 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీల ధర్మాసనం అది సరికాదని, తండ్రి ఆ తేదీకి బతికి ఉండాల్సిన పని లేదని తేల్చింది. ఈ రెండు తీర్పుల మధ్య, 2017లో, తండ్రి ముందే పోయాడన్న ఒక్క కారణంతో దావా ఓడి, అప్పీలు వేయకుండా ఊరుకున్న ఆడపడుచు 2020 తీర్పు చేత పట్టుకుని రివ్యూకు వస్తే ఈ వివరణ అడ్డం నిలుస్తుంది. ఆమె అప్పీలు వేసి అది ఇంకా నడుస్తూ ఉంటే కొత్త తీర్పు ఆమెకు పని చేసేది. భాగపంపకాల దావాలో తుది డిక్రీ ఇంకా పడకపోతే వాటాలు సరిచేయించుకునే దారి వేరే ఉంది, అది రివ్యూ కాదు. ముగిసిపోయిన కేసులన్నీ ప్రతి కొత్త తీర్పుతో లేచి కూర్చోకూడదన్నది చట్టం ఉద్దేశం. ఆ ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ అప్పీలుకు ఫీజు కట్టలేక ఇంట్లో కూర్చున్న ఆడపడుచుకు అది ఎలా చెప్పాలో మాత్రం తెలియదు.

రివ్యూలో తేదీల దగ్గర జరిగే నష్టం కారణాల దగ్గర జరిగే నష్టం కంటే తక్కువేమీ కాదు. రివ్యూకు గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. జిల్లా కోర్టుకు అప్పీలుకూ 30 రోజులే. హైకోర్టుకు అయితే 90 రోజులు. కాపీ అప్లికేషన్ పెట్టి కాపీలు వచ్చేదాకా పట్టిన రోజులను మినహాయించుకోవచ్చు, అందుకే తీర్పు వచ్చిన మర్నాడే ఆ అప్లికేషన్ పెట్టాలి. ఈ రెండు గడువులూ పక్కపక్కనే నడుస్తాయి, ఒకదానికోసం ఇంకొకటి ఆగదు. మన రైతు లాంటివాళ్లు ముందు రివ్యూ చూద్దాం, పోతే అప్పీలు వేద్దాం అనుకుంటారు. రివ్యూ ఎనిమిది నెలలు వాయిదాలు పడి చివరికి కొట్టేస్తారు. అప్పుడు అప్పీలుకు వెళితే గడువు రివ్యూ కొట్టేసిన రోజు నుంచి మొదలు కాదు, మొదటి డిక్రీ రోజు నుంచే లెక్క. రివ్యూ కొట్టేస్తే పాత డిక్రీ పాతదిగానే నిలబడి ఉంటుంది, రివ్యూ ఉత్తర్వులో కలిసిపోదు. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ పెట్టుకోవచ్చు, మన్నించవచ్చు, మన్నించకపోవచ్చు.

కొట్టేసిన రివ్యూ ఉత్తర్వు మీద అప్పీలు కూడా లేదు. రివ్యూ మీద మళ్లీ రివ్యూ లేదు. ఒప్పుకుంటే మాత్రం, అవతలివాడు ఆ ఒప్పుకోలు మీద అప్పీలు వేయవచ్చు. చట్టం ఏ వైపు మొగ్గిందో ఇక్కడ కనిపిస్తుంది: ముగిసిన తీర్పు చెక్కుచెదరకుండా ఉండటమే దానికి ఇష్టం.

రెండూ కావాలంటే వరుస ముఖ్యం. అప్పీలు వేసేశాక అదే డిక్రీ మీద రివ్యూ వేయడానికి వీల్లేదు. రివ్యూ ముందు వేసి, గడువులోగా అప్పీలు కూడా వేస్తే? ఈ ప్రశ్నకూ కర్నూలు కేసే జవాబు చెప్పింది. చూడాల్సింది రివ్యూ దాఖలైన రోజు. ఆ రోజుకు అప్పీలు లేకపోతే, తర్వాత అప్పీలు పడినా రివ్యూ వినవచ్చు. అయితే రివ్యూ తేలక ముందే అప్పీలు తేలిపోతే ఇక రివ్యూలో చేయగలిగేది లేదు. రివ్యూలో డిక్రీ మారితే పాత డిక్రీ పోయి కొత్తది వస్తుంది, అప్పీలు ఇక ఆ కొత్త డిక్రీ మీదే నడపాలి.

మరి మన రైతు ఏం చేయాలి? చెల్లు తప్పును అప్పీలులో కూడా ఎత్తి చూపవచ్చు, పైకోర్టు దాన్నీ సరిదిద్దగలదు. రసీదు సంగతి ఎలాగూ అప్పీలుకే పోవాలి. అందుకని రెంటినీ కలిపి అప్పీలే వేయమనే ప్లీడర్లు ఎక్కువ, వాళ్ల మాటలో తప్పులేదు. ఒక్క ఫిర్యాదు అయినా తూచి చూడాల్సింది ఉంటే అప్పీలు వదులుకోకూడదన్నది నా ఉద్దేశం కూడా. కానీ ఈ కేసులో ముందు రివ్యూ వేయడానికి ఒక కారణం ఉంది. రివ్యూ వేసినా, అప్పీలు వేసినా డిక్రీ దానంతట అది ఆగదు. వాది ఈపీ వేసి 9 లక్షల 30 వేలకు భూమి జప్తు చేయించవచ్చు. అప్పీలులో స్టే కావాలంటే డిక్రీ సొమ్ములో కొంత డిపాజిట్ చేయమని కోర్టు అడగవచ్చు, అడిగేటప్పుడు లెక్క ఆ పెద్ద మొత్తం మీదే. చెల్లు తేలిపోతే ఆ మొత్తం తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో కూడా చూద్దాం. 2017 మే 4 నాటికి 6 లక్షల మీద పేరుకున్న వడ్డీ 2 లక్షల 8 వేలు దాటింది. వేరే ఒప్పందం లేకపోతే కట్టిన సొమ్ము ముందు వడ్డీకి జమ అవుతుంది. కాబట్టి ఆ 2 లక్షలు పూర్తిగా వడ్డీలోకే పోయాయి, అసలు తగ్గలేదు. అసలు నుంచి తగ్గించి ఆపైన వడ్డీ కూడా కోసేయమని రైతు అడిగితే అది మళ్లీ వాదన అవుతుంది, రివ్యూ బలహీనపడుతుంది. అడగాల్సింది 9 లక్షల 30 వేలలో 2 లక్షలు మినహాయించి 7 లక్షల 30 వేలు చేయమని మాత్రమే. దావా వేసిన తర్వాతి వడ్డీ డిక్రీలో ఉన్నట్టే ఉంటుంది.

అలాంటి పిటిషన్ రెండు పేజీలు దాటదు. ఎగ్జిబిట్ ఏ-2 ఫలానా పేజీలో ఉంది, 11వ పేరా దాన్ని ఒప్పుకుంది, 14వ పేరా అది లేదంది, లెక్క ఇది. రసీదు ఊసు అందులో ఎత్తకూడదు. ఎత్తితే వాది ప్లీడరు లేచి ఇది వేషం మార్చిన అప్పీలని అంటారు, చెల్లు కూడా దానితోపాటు కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. ఇరవై పేజీల రివ్యూ పిటిషన్లు నేను చదివాను. సాక్షి సాక్షినీ మళ్లీ క్రాస్ చేసి, పది తీర్పులు ఉదహరించి, చివరి పేరాలో 'కాబట్టి ఇది ముఖం మీద కనిపించే తప్పు' అని ముగుస్తాయి. కనిపించడానికి ఇరవై పేజీలు పట్టిందంటే దాని జవాబు అందులోనే ఉంది.

ఇలా వేస్తే జడ్జి గారు అవతలివాళ్లకు నోటీసు ఇస్తారు, నోటీసు లేకుండా రివ్యూ ఒప్పుకోవడానికి వీల్లేదు. వాది వచ్చి చెల్లు అబద్ధమని అనలేడు, అంటే తన దావాకే కాలదోషం పడుతుంది. లెక్క సరిదిద్ది 7 లక్షల 30 వేలకు కొత్త డిక్రీ వస్తుంది. దాని కాపీకి రైతు అదే రోజు అప్లికేషన్ పెట్టాలి. లక్ష రూపాయల రసీదు మీద జిల్లా కోర్టులో నడపాల్సిన అప్పీలు ఆ కాపీతోనే మొదలవుతుంది.